బ్యాంకుకు ఇచ్చే పాడి లెక్కల్లో గేదెకు ఏ ధర వేయాలి: కొన్నదా, సంతదా?

గుడివాడ పాడి: మాకు ఎనిమిది ముర్రా గ్రేడు గేదెలున్నాయి. అయిదింటిని నాలుగేళ్ల కిందట రెండో ఈతలో ఒక్కొక్కటి రూ. 75,000 చొప్పున కొన్నాం. మిగిలిన మూడు మా దొడ్డిలోనే పుట్టి పెరిగాయి. మరో నాలుగు గేదెలు కొనడానికి రూ. 4 లక్షల అప్పు అడిగితే, ఏడాది జమాఖర్చులూ పశువుల విలువా రాసి తెమ్మని బ్యాంకు ఫీల్డు ఆఫీసరు చెప్పారు. దళారి ఇప్పుడు గేదెకు రూ. 1,10,000 పలుకుతుందంటున్నాడు. అదే వేస్తే ఆస్తి రూ. 8,80,000 అవుతుంది. కొన్న ధర వేయాలా, సంత ధర వేయాలా?

జమాఖర్చు: సంత ధరే వేయండి. నేను బి.కాం. చదివాను. పెద్ద కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ 41 ప్రకారం జీవమున్న ఆస్తులను నేటి మార్కెట్ విలువలోనుంచి అమ్మకపు ఖర్చులు తీసివేసి చూపాలి, ఏడాదిలో పెరిగిన విలువను లాభంలో కలపాలి. అలా చేస్తే మీ ఆస్తీ పెరుగుతుంది, ఆదాయమూ పెరుగుతుంది. నాలుగేళ్ల నాటి ధర వేసుకుని మన ఆస్తిని మనమే తగ్గించి చూపడం ఎందుకు?

రాయచోటి రైతుబిడ్డ: ఇంత తతంగం దేనికండీ? పాడి రైతులకు కూడా కిసాన్ క్రెడిట్ కార్డు ఇస్తున్నారు కదా. 2025 జనవరి నుంచి రూ. 2 లక్షల వరకు హామీ లేకుండానే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. దానికి దరఖాస్తు పెట్టుకుంటే సరిపోతుంది.

దొడ్డి పద్దు: రైతుబిడ్డ గారూ, ఆ కార్డు దాణాకూ మందులకూ కూలికీ రోజువారీ పెట్టుబడిగా వాడుకోవడానికి ఉద్దేశించినది. వీరు గేదెలే కొనాలంటున్నారు కాబట్టి వీరికి కావలసింది కాలపరిమితి రుణం, దాని లెక్క వేరు.

నేను కొన్నేళ్లు బ్యాంకులో వ్యవసాయ రుణాల విభాగంలో పనిచేసి, ఇప్పుడు ఒక పాల సంఘానికి లెక్కలు చూస్తున్నాను. నాకు తెలిసినంతవరకు పాడి అప్పుకు దరఖాస్తు చేసేవారు పశువుల విలువ గురించి పడే తాపత్రయంలో సగమైనా పాల బిల్లుల మీద పెట్టరు. వాయిదా కట్టేది గేదె కాదు, పాలు. అయినా మీరు అడిగింది ధర గురించి కనుక ముందు దాని సంగతి చూద్దాం.

దళారి చెప్పిన రూ. 1,10,000 ఏ గేదెకు? రెండో ఈతలోనో మూడో ఈతలోనో ఉండి, ఈని నెల తిరగని గేదెకు. మీరు రెండో ఈతలో కొన్నవి నాలుగేళ్లు గడిచేసరికి, ఈతకూ ఈతకూ పదిహేను నెలల ఎడం వేసుకున్నా, ఇప్పుడు అయిదో ఈతలో ఉండాలి. సంతలో పళ్లు చూసి, పొదుగు చూసి అడిగేవాడు వాటికి ఆ ధర ఇవ్వడు. బ్యాంకు పంపే పశువైద్యుడు కూడా ఈత, వయసు, చూడి, పూటకు ఎన్ని పాలు అన్నవి చూసే విలువ రాస్తారు. మీ కాగితంలో రూ. 1,10,000 ఉండి ఆయన రూ. 65,000 రాస్తే, మీరు రాసిన తక్కిన అంకెలన్నీ కూడా అనుమానానికి గురవుతాయి.

నేనైతే జాబితాలో ఒక్కో గేదెకు ఒక్కో వరుస పెట్టి, చెవి ట్యాగులోని పన్నెండు అంకెల సంఖ్య, ఎన్నో ఈత, చివరిసారి ఈనిన తేదీ, చూడా వట్టిదా అన్నది రాసి, పక్కనే రెండు గళ్లు ఉంచుతాను. మొదటిది పద్దు విలువ. మీ గేదెను రూ. 75,000కు కొన్నారు. ఆరో ఈత తర్వాత తీసేసేటప్పుడు రూ. 35,000 వస్తుందనుకుందాం. రెండో ఈత నుంచి ఆరో ఈత వరకు అయిదు ఈతల్లో తరిగేది రూ. 40,000, అంటే ఈతకు రూ. 8,000. మూడు ఈతలు గడిచాయి కనుక ఇప్పుడు పద్దు విలువ రూ. 51,000. రెండో గడిలో పశువైద్యుడు ధ్రువీకరించిన నేటి ధర రాయాలి. అప్పు తీర్చే శక్తిని చూపేటప్పుడు మొదటి గడినీ, హామీని చూపేటప్పుడు రెండో గడినీ వాడాలి.

జమాఖర్చు గారు చెప్పిన ప్రమాణం ఉన్నమాట నిజమే, కానీ అది ఆ ప్రమాణాలు వర్తించే కంపెనీలకు. ఎనిమిది గేదెల రైతుకు దానితో పనిలేదు. పైగా విలువ పెరుగుదలను ఆదాయంలో కలిపితే ఆఫీసరు మొదట కొట్టివేసేది ఆ పద్దునే, ఎందుకంటే గేదెను అమ్మితే తప్ప ఆ డబ్బు చేతికి రాదు, గేదెను అమ్మితే పాలు రావు.

జమాఖర్చు: ఆదాయంలో కలపకూడదన్నది ఒప్పుకుంటాను. అయితే ఆదాయాన్ని లెక్కవేయడం అంత కష్టమేమీ కాదు కదా. ఒక మంచి నెల బిల్లు తీసుకుని పన్నెండుతో గుణిస్తే ఏడాది ఆదాయం వచ్చేస్తుంది. ఇంట్లో వాడుకునే రెండు లీటర్లు కూడా కలపాలి, అవీ ఆదాయమే.

గుడివాడ పాడి: మాకు డిసెంబరులో రెండు బిల్లులూ కలిపి రూ. 98,000 వచ్చాయి. ఆ లెక్కన ఏడాదికి రూ. 11,76,000 అవుతుంది. మే నెలలో మాత్రం రెండూ కలిపి రూ. 39,000 మించలేదు. అప్పుడు మూడే పాలిస్తున్నాయి.

దొడ్డి పద్దు: మీ జవాబు ఆ చివరి రెండు వాక్యాల్లోనే ఉంది. మన ప్రాంతంలో గేదెలు ఎక్కువగా వానాకాలం చివర, చలికాలం మొదట ఈనుతాయి కనుక చలికాలంలో పాలు పొంగి ఎండాకాలంలో పడిపోతాయి. పదిహేను నెలల్లో పది నెలలు పాలిచ్చి అయిదు నెలలు వట్టిపోయే గేదెను ఏడాది పొడుగునా పాలిచ్చినట్టు చూపితే ఆ లెక్క నిలవదు. ఇరవై నాలుగు బిల్లులూ వరుసగా పెట్టి కూడండి. ఎంత వచ్చిందో చెబితే మిగతాది చూద్దాం.

ఇంకొక్క మాట. బ్యాంకు ఖాతాలో పడిన మొత్తాన్ని ఆదాయంగా రాయకండి, బిల్లు పైనున్న మొత్తాన్ని రాయండి. పాల కేంద్రం అరువుగా ఇచ్చిన దాణా సొమ్మును బిల్లులోనే మినహాయించుకుంటుంది. బిల్లు రూ. 42,000 అయి దాణా కింద రూ. 11,000 పట్టుకుంటే ఖాతాలో పడేది రూ. 31,000. రూ. 31,000 ఆదాయంగా రాసి, మళ్లీ దాణా రూ. 11,000 ఖర్చుగా రాశారంటే ఒకే ఖర్చును రెండుసార్లు తీసినట్టే. ఆదాయం రూ. 42,000, ఖర్చు రూ. 11,000 అని రెండు పద్దులుగా రాసి బిల్లు నకలు జతచేస్తే, ఖాతా పుస్తకంలో తక్కువెందుకు కనిపిస్తోందో ఆఫీసరుకు వేరే చెప్పనక్కరలేదు.

నల్గొండ ఆవులు: నా అనుభవం చెబుతాను. నావి సంకర జాతి ఆవులు, పాలు సగం పాల కేంద్రానికీ సగం ఊళ్లోని హోటళ్లకూ పోస్తాను. హోటళ్లవాళ్లు చేతికి డబ్బిస్తారు, అదే ఇంటి ఖర్చులకు పోతుంది. అప్పుకు వెళ్లినప్పుడు బ్యాంకువారు పాల కేంద్రం బిల్లులు మాత్రమే లెక్కలోకి తీసుకుని, హోటళ్ల సొమ్ముకు ఆధారం లేదని ఒక్క రూపాయి కూడా కలపలేదు. ఆ తర్వాత హోటళ్ల డబ్బును వారానికోసారి అదే ఖాతాలో వేస్తూ, ఎవరికి ఎన్ని లీటర్లు పోశానో నోటుపుస్తకంలో వాళ్ల సంతకంతో రాయించుకున్నాను. మరుసటి ఏడాది దరఖాస్తులో ఆ సొమ్మును కూడా ఒప్పుకున్నారు.

గుడివాడ పాడి: ఇరవై నాలుగు బిల్లులూ కూడితే రూ. 8,00,000 అయింది. దాణా రూ. 3,10,000. వరిగడ్డి మా పొలానిదే అయినా దాన్ని అమ్మితే వచ్చే ధర వేసి, పచ్చిగడ్డి విత్తనం, ఎరువు ఖర్చు కలిపితే రూ. 1,00,000. పాలేరుకు నెలకు రూ. 12,000 చొప్పున రూ. 1,44,000. మందులు, బీమా, కరెంటు కలిపి రూ. 50,000.

దొడ్డి పద్దు: మొత్తం ఖర్చు రూ. 6,04,000, మిగులు రూ. 1,96,000. నాలుగు లక్షలకు పది శాతం వడ్డీతో అయిదేళ్ల వాయిదా అనుకుంటే నెలకు దాదాపు రూ. 8,500, ఏడాదికి రూ. 1,02,000. ఇప్పుడున్న గేదెల మిగులే వాయిదాకు దాదాపు రెండింతలు ఉంది. డిసెంబరును పన్నెండుతో గుణించి చూపే రూ. 11,76,000 కంటే బిల్లులతో నిలబడే ఈ లెక్కే మీకు ఎక్కువ పనికొస్తుంది. కాకపోతే అయిదు పాత గేదెలకు ఏడాదికి రూ. 32,000 తరుగుతోంది. అది చేతినుంచి పోయే డబ్బు కాకపోయినా, రెండేళ్లలో వాటి స్థానంలో కొత్తవి కొనాలని గుర్తుచేస్తుంది. దాన్ని మిగులు కింద వేరే వరుసలో చూపండి. ఇంట్లో వాడుకునే పాలు, రోజుకు రెండు లీటర్లంటే లీటరుకు రూ. 55 చొప్పున ఏడాదికి సుమారు రూ. 40,000. ఆ విలువను కూడా అడుగున రాయండి, వాయిదా కట్టే మిగులులో మాత్రం కలపకండి, ఎందుకంటే తాగిన పాలతో వాయిదా కట్టలేం.

జమాఖర్చు: అలాగైతే ఇంట్లో పుట్టిన మూడింటి సంగతేమిటి? వాటిని పెంచిన మూడేళ్ల దాణా, గడ్డి అంతా ఏ ఏటికాయేడు ఖర్చులో పోయింది. ఇప్పుడు మళ్లీ పెంపకపు ఖర్చు వేసి పద్దు విలువ చూపితే, ఒకసారి ఖర్చుగా పోయినదాన్నే ఆస్తిగా తెచ్చినట్టు కాదా? ఆదాయపు పన్ను చట్టంలో కూడా పశువులకు తరుగుదల లేదు. చచ్చినా శాశ్వతంగా పనికిరాకపోయినా అసలు కొన్న ఖర్చులోనుంచి, కళేబరానికో పశువుకో వచ్చిన సొమ్ము తీసి మిగతాది నష్టంగా చూపనిస్తారు. కొననిదానికి అసలు ఖర్చేదీ?

దొడ్డి పద్దు: అది సరైన ప్రశ్నే. పన్ను లెక్కను పన్ను లెక్కగానే ఉంచాలి. పాల ఆదాయం వ్యవసాయ ఆదాయం కాదు కనుక దానికి వేరే పద్దు ఎలాగూ ఉండాలి. బ్యాంకుకు ఇచ్చేదానిలో మాత్రం ఇంటి పడ్డకు ఈనే వరకు అయిన పెంపకపు ఖర్చు, ఇక్కడ సుమారు రూ. 55,000, వేసి, అది ఆ ఏటి ఆదాయంలోకి రాకుండా చూస్తాను. సున్నా వేస్తే జాబితాలో మూడు మంచి పాడిగేదెలకు విలువే లేనట్టు కనిపిస్తుంది.

జమాఖర్చు: ఆస్తి పెరిగి ఆదాయం పెరగకపోతే ఆ రూ. 1,65,000 ఎక్కడినుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే?

దొడ్డి పద్దు: యజమాని మూలధనంలో పెరుగుదల అని చెబుతాను. మీకు ఒప్పుదల కాదని తెలుసు. పెంపకపు ఖర్చును ఏటికేడు వేరే పుస్తకంలో రాసుకుంటే ఈ తగవే ఉండదు, కానీ దూడ ఎంత తిన్నదో తల్లి ఎంత తిన్నదో వేరుచేసి రాసే రైతును నేనింకా చూడలేదు.

నల్గొండ ఆవులు: మా శాఖలో ఇంటి పడ్డలకు పశువైద్యుడు రాసిన ధరే తీసుకున్నారు, పెంపకపు ఖర్చు ఎవరూ అడగలేదు.

గుడివాడ పాడి: జాబితా రెండు గళ్లతో రాశాను. పద్దు విలువ మొత్తం రూ. 4,20,000 వచ్చింది. ఒక ఇంటి గేదెకు చెవి ట్యాగు ఊడిపోయింది. దాన్ని జాబితాలో ఉంచవచ్చా?

దొడ్డి పద్దు: కొత్త ట్యాగు వేయించిన తర్వాతే ఉంచండి. పాత సంఖ్యను కూడా పక్కన రాసి, మార్చిన తేదీకి పశువైద్యుడి సంతకం తీసుకోండి. ట్యాగు లేని పశువుకు బీమా సొమ్ము రాదు, బీమా లేని పశువును బ్యాంకు హామీలోకి తీసుకోదు. ఆ పని అయ్యేంతవరకు ఏడు గేదెలతోనే మొత్తం వేసి చూపండి.