ప్రీమియర్ పెట్టాలా, నేరుగా వదలాలా?

అలిపిరి కుర్రాడు: తిరుపతి గంగ జాతర వేషాల మీద మేలో యూట్యూబ్‌లో రెండు వీడియోలు వేశాను. ఒకటి శనివారం సాయంత్రం 7కి ప్రీమియర్, అంటే టైం ముందే చెప్పి అందరూ చాట్ చేస్తూ ఒకేసారి చూసేలా. ఇంకోటి బుధవారం ఉదయం 11కి నేరుగా పబ్లిష్. యూట్యూబ్ స్టూడియో లెక్కల్లో మొదటి రోజు ప్రీమియర్‌కి 1,900 వ్యూస్, రెండోదానికి 260. ఇకమీదట అన్నీ ప్రీమియరే పెట్టాలా?

చిత్తూరు మామిడి: ఇందులో అడగడానికి ఏముంది తమ్ముడూ? రిమైండర్ పెట్టుకున్నవాళ్లకి అరగంట ముందు ఒకసారి, మొదలయ్యేటప్పుడు ఇంకోసారి నోటిఫికేషన్ పోతుంది. అందుకే ఏడు రెట్లు వచ్చాయి. నేను తోట వీడియోలన్నీ ప్రీమియరే వేస్తాను.

పీలేరు కుట్టుమిషన్: నాకైతే ప్రీమియర్ అంటేనే భయం. వీడియోలు అప్‌లోడ్ చేసిపెట్టే ఒక షాపువాళ్లు నా బ్లౌజ్ కటింగ్ వీడియోని రెండు రోజుల ముందే ప్రీమియర్‌లో పెట్టేశారు. నొక్కినవాళ్లందరికీ ఇంకా టైం ఉందనే కనిపించింది. "ఏమక్కా, వీడియో రావడం లేదే" అని ఫోన్లు. డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నారు.

కాణిపాకం ఎడిటర్: తమ్ముడూ, ఆ 260ని నమ్మొద్దు. స్టూడియోలో రోజు మారేది మన అర్ధరాత్రికి కాదు, అమెరికా పసిఫిక్ టైం ప్రకారం. మేలో అంటే మనకు మధ్యాహ్నం 12:30కి. ఉదయం 11కి వేసిన వీడియోకి "మొదటి రోజు" గంటన్నరే దక్కింది. సాయంత్రం 7కి వేసినదానికి మర్నాడు 12:30 దాకా, పదిహేడున్నర గంటలు. పబ్లిష్ అయినప్పటి నుంచి మొదటి 24 గంటలు చూపించే లెక్క అక్కడే ఉంటుంది, అది తీసి చెప్పు.

చిత్తూరు మామిడి: అమెరికా టైం మనకెందుకు మేడం? చాట్ చూడండి. నా ప్రీమియర్‌లో 80 మంది మాట్లాడతారు. నేరుగా వేస్తే కామెంట్లు ఆరు.

అలిపిరి కుర్రాడు: తీశాను అక్కా. 24 గంటలకి ప్రీమియర్ 2,150, నేరుగా వేసినది 1,480. తేడా ఉంది కానీ ఏడు రెట్లు లేదు. ఇంకో అనుమానం. ఏ నిమిషంలో ఎంతమంది చూశారో చూపే గ్రాఫ్ ప్రీమియర్ వీడియోకి మొదట కింద ఉండి, మధ్యలో పైకి లేస్తోంది. నా మొదలు అంత చప్పగా ఉందా?

కాణిపాకం ఎడిటర్: నీ మొదలు తప్పు కాదు. ప్రీమియర్ నడుస్తుండగా ఆలస్యంగా వచ్చినవాళ్లు వీడియో అప్పటికి ఎక్కడుందో అక్కడే దిగుతారు. వెనక్కి జరుపుకోవచ్చు, చాలామంది జరుపుకోరు. పది నిమిషాల వీడియోకి వంద మంది వచ్చారనుకో. నలభై మంది మొదటి నుంచి, అరవై మంది ఐదో నిమిషంలో వచ్చి అందరూ చివరిదాకా ఉన్నారు. ఒక్కరూ మధ్యలో లేచిపోలేదు, అయినా సగటు ఏడు నిమిషాలే. గ్రాఫ్ మొదట్లో నలభై దగ్గరే ఉంటుంది. ఇంకోవైపు, ప్రీమియర్‌లో ముందుకు దూకడానికి వీలుండదు కాబట్టి, నేరుగా వేస్తే దాటేసే భాగం కూడా చూసినట్టే లెక్కకొస్తుంది. అందుకే రెండింటినీ పోల్చాలంటే తేదీలు మార్చి, రెండో రోజు నుంచి ఎనిమిదో రోజు దాకా వచ్చిన వ్యూసే తీసుకో. అప్పటికి రెండూ మామూలు వీడియోలే.

చిత్తూరు మామిడి: ఇన్ని లెక్కలు ఎవరు వేస్తారు? ప్రీమియర్ పెట్టినవాడు తెలివితక్కువవాడు అన్నట్టు మాట్లాడుతున్నారు మీరు.

కాణిపాకం ఎడిటర్: ఆ మాట నేను అనలేదు సార్. మీ చాట్‌లో ఆ 80 మంది ప్రతిసారీ వాళ్లే కదా? కొత్తవాళ్లు ఎంతమంది?

చిత్తూరు మామిడి: వాళ్లే! వాళ్లే అయితే ఏం? కాయకు మచ్చ వచ్చిందని ఒక రైతు అడిగితే ఇంకో రైతు అప్పుడే మందు చెప్తాడు. ఆ ముప్పావు గంట కోసమే నేను ఛానల్ నడుపుతున్నాను. వ్యూస్ నాకు అక్కర్లేదు.

కాణిపాకం ఎడిటర్: ఈ మాట మొదట్లోనే చెప్పాల్సింది. అలాగైతే మీకు ప్రీమియరే సరి. కానీ ఈ తమ్ముడు అడిగింది వ్యూస్ గురించి. మాతంగి వేషం ఏమిటని వచ్చే ఏడాది జాతరకి వెతికేవాడికి ఈ సంవత్సరం చాట్‌తో పని లేదు.

పీలేరు కుట్టుమిషన్: మరి నా రెండు రోజుల సంగతి?

కాణిపాకం ఎడిటర్: అక్కా, ఈసారి పెడితే గంట ముందు పెట్టండి. అరగంట ముందు పోయే నోటిఫికేషన్ అందుతుంది, నొక్కినవాళ్లు ఎక్కువసేపు కాచుకోనక్కర్లేదు.

అలిపిరి కుర్రాడు: రెండో రోజు నుంచి ఎనిమిదో రోజు లెక్క తీశాను. సగటున ప్రీమియర్ వీడియోలో 46 శాతం చూశారు, నేరుగా వేసినదాంట్లో 47. కానీ ఒకటి శనివారం, ఒకటి బుధవారం, వేషాలు కూడా వేరు. ఇక నాలుగు వారాలు శనివారం 7కే, ఒక వారం అలా, ఒక వారం ఇలా వేస్తాను.

చిత్తూరు మామిడి: ప్రీమియర్ వారం నన్ను పిలువు తమ్ముడూ, చాట్‌కి వస్తాను.