ఐఈఎల్‌టీఎస్ గడువు మధ్యలో అయిపోతే కెనడా పీఆర్‌కి మళ్లీ రాయాలా?

అన్నలూ, అక్కలూ, ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పూల్‌లో ఉన్నాను. ఐఈఎల్‌టీఎస్ జనరల్ స్కోరు రెండేళ్ల గడువు ఇంకో ఆరు వారాల్లో అయిపోతుంది. ఇన్విటేషన్ వచ్చిన రోజున స్కోరు ఉంటే చాలనుకుని ధీమాగా ఉన్నాను, తీరా చూస్తే అప్లికేషన్ సబ్మిట్ చేసే రోజుకి కూడా రెండేళ్లు దాటకూడదట, దానికేమో అరవై రోజులు టైమిస్తారు, నా పోలీస్ సర్టిఫికెట్ ఇంకా రాలేదు. మాస్టర్స్ కోసం రాసిన అకడమిక్ స్కోరు ఉంది కానీ అది పీఆర్‌కి పనికిరాదు (యూనివర్సిటీకి సరిపోయింది ఇక్కడ చెల్లదు, ఏం లెక్కో!). ఇప్పుడే మళ్లీ జనరల్ రాయాలా, పీటీఈ కోర్‌కి మారాలా? రైటింగ్‌లో 6.5 దగ్గరే ఆగిపోతున్నాను. కొత్త స్కోరు తగ్గితే, గడువు ఉన్నంతవరకు పాతదే ప్రొఫైల్‌లో ఉంచుకోవచ్చా? ఇలా చేసినవాళ్లు ఉంటే చెప్పండి.