బ్యాంకుకి వెళ్లే మోడల్లో చేత్తో కొట్టిన అంకె: సరిదిద్దాలా, అడగాలా?

కొత్త_ఆర్టికల్: గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీ ఒకదానికి టర్మ్ లోన్ మోడల్, ఏడేళ్ల ప్రొజెక్షన్. రివ్యూ చేయమని సార్ ఇచ్చారు. అద్దె ఆదాయం 14వ వరుసలో D నుంచి J దాకా ఉంది, ఏటా 5% పెరుగుదల. నాలుగో ఏడు G14లో మాత్రం ఫార్ములా లేదు, 60,00,000 అని కొట్టేసి ఉంది. నోట్ ఏమీ లేదు. పక్క సెల్లోంచి ఫార్ములా లాగేసి పంపేయనా?

ఫాస్ట్‌ఫింగర్స్: లాగేయండి. తేడా ఉన్న ఫార్ములాకి మూలన పచ్చ త్రికోణం వస్తుంది, అవన్నీ సరిచేస్తే రివ్యూ అయిపోయినట్టే.

లెక్కలపిచ్చి: ఆ త్రికోణం ఫార్ములాని పక్క ఫార్ములాలతో పోల్చి వస్తుందండీ. G14లో ఉన్నది ఉత్త అంకె, అందుకే మామూలు రేంజిలో అక్కడ ఏ గుర్తూ రాదు. పైగా ఎవరో ఒకసారి Ignore Error నొక్కి ఉంటే, ఉన్న గుర్తు కూడా పోతుంది.

వరుస ఇలా ఉందనుకుంటాను:

```
D14   4800000
E14   =D14*1.05
F14   =E14*1.05
G14   6000000
H14   =G14*1.05
```

ఫార్ములా ప్రకారమైతే G14లో 55,56,600 రావాలి. మూడో ఏడు 52,92,000, ఆ తర్వాత 60 లక్షలు, అంటే 13% పెరుగుదల. చూసేవాళ్ల కంటికి ఆనదు. ఇప్పుడు బ్యాంకువాళ్లు చేసే పనే మీరూ చేయండి: D14ని 10% తగ్గించి 43,20,000 పెట్టండి. F14 47,62,800కి దిగుతుంది. G14 మాత్రం 60 లక్షల దగ్గరే కూర్చుంటుంది, H నుంచి J దాకా దాని వెనకే నడుస్తాయి. ఆదాయం ఎంత పడగొట్టినా నాలుగో ఏడు నుంచి డీఎస్‌సీఆర్ చెక్కుచెదరదు. మొదటి ఏడు అంకె మార్చి ఏ గడులు కదల్లేదో చూడటమే నా మొదటి పరీక్ష, మిగతావన్నీ దాని తర్వాతే.

అయినా లాగొద్దనే నా మాట. ఆ ఏడు రెండో ఛాంబర్ మొదలవుతుందేమో, ఆ 60 లక్షలు నిజమేనేమో. మీరు లాగేస్తే క్లయింటు అంచనాని మీరు మార్చినట్టు. ఎవరు పెట్టారో, ఎందుకో అడగండి.

సిమెంటు_సుబ్బు: మా క్వొటేషన్ షీట్లో జీఎస్టీ ప్రతి ఫార్ములాలో 1.28 అని ఉంటుంది. చట్టం చెప్పిన రేటే కదా, దీన్ని కూడా వేరే గడిలో పెట్టాలంటారా?

లెక్కలపిచ్చి: సిమెంటు మీద 28% కాస్తా 2025 సెప్టెంబరు 22 నుంచి 18% అయింది. మీ షీట్ మార్చారా?

సిమెంటు_సుబ్బు: మార్చాం, ఫైండ్ రీప్లేస్‌తో. 1.28 తీసి 1.18.

ఆడిట్_అక్క: తమ్ముడూ, కొలతలున్న ఫార్ములాలు ఒకసారి చూసుకో. ఎక్కడైనా `=B7*11.28` ఉంటే అది `=B7*11.18` అయిపోయి ఉంటుంది. రీప్లేస్‌కి పన్ను తెలీదు, అడుగులూ తెలీవు.

సిమెంటు_సుబ్బు: అక్కా, రెండు చోట్ల దొరికింది. గోడౌన్ వెడల్పు.

ఫాస్ట్‌ఫింగర్స్: F5 నొక్కి Special, అందులో Constants పెడితే చేత్తో కొట్టినవన్నీ ఒక్క దెబ్బకి బయటపడతాయి. ఇంత చర్చ ఎందుకు?

ఆడిట్_అక్క: G14 దొరుకుతుంది. 1.05, 1.28 దొరకవు, అవి ఫార్ములా కడుపులో ఉన్నాయి. నేను ఆప్షన్లలో R1C1 రెఫరెన్స్ స్టైల్ ఆన్ చేసి, Ctrl+` కొట్టి వరుస మొత్తం చదువుతాను. అప్పుడు E14, F14, H14 అన్నీ `=RC[-1]*1.05` అనే కనిపిస్తాయి. మధ్యలో ఒకటి `=RC[-1]*1.06` ఉన్నా వెంటనే తెలిసిపోతుంది. A1 స్టైల్లో ప్రతి గడిలో అక్షరం మారుతూ ఉంటుంది కాబట్టి కళ్లు మోసపోతాయి.

అలాగని అన్నీ పీకి Assumptions షీట్లో పోయనక్కర్లేదు. నెలలకి 12, శాతానికి 100 ఫార్ములాలోనే ఉండనివ్వండి. 5% మాత్రం ఎవరో అనుకున్న అంకె, దానికి సొంత గడి ఉండాలి, ఎక్కడినుంచి తెచ్చారో పక్కన రాయాలి.

లెక్కలపిచ్చి: 365 సంగతేంటి మరి? రోజువారీ వడ్డీలో లీపు సంవత్సరం వస్తే?

ఆడిట్_అక్క: ఒప్పందంలో 365 అని ఉంటే అది షరతు, ఇన్‌పుట్‌లోకి తెస్తాను. లేకపోతే వదిలేస్తాను.

లెక్కలపిచ్చి: నేనైతే ఎప్పుడూ తెస్తాను. ఇక్కడ మనకి కుదరదు.

కొత్త_ఆర్టికల్: క్లయింటుకి ఫోన్ చేశాను. 60 లక్షలు వాళ్ల అబ్బాయి పెట్టాడట, రెండో ఛాంబర్ గురించేనట. కానీ ఖర్చుల షీట్లో రెండో ఛాంబర్ కరెంటు బిల్లు ఎక్కడా లేదు.

ఆడిట్_అక్క: దాని కట్టుబడి ఖర్చు, లోన్ మొత్తం కూడా చూడు. ఇప్పుడు G14 ఒక్కటే కాదు నీ ప్రశ్న.

ఫాస్ట్‌ఫింగర్స్: చిన్న క్లయింట్లు ఇన్ని ప్రశ్నలకి జవాబివ్వరండీ. సరిచేసి ఇమ్మనే డబ్బులిస్తారు.

లెక్కలపిచ్చి: సరిచేయండి, కాదనను. కానీ వేరే కాపీలో చేసి, మార్చిన ప్రతి గడికీ పాత విలువ, కొత్త విలువ, ఎవరు ఒప్పుకున్నారో ఒక షీట్లో రాసివ్వండి. ఆ షీట్ లేకుండా బ్యాంకుకి పంపితే, రేపు 60 లక్షలు ఏమయ్యాయని అడిగినప్పుడు జవాబు చెప్పాల్సింది మీరే.