లేత్ కేటలాగు బొమ్మలో తప్పెక్కడ ఉంది?

మడికొండ_డిజైనర్
అందరికీ నమస్కారం. మడికొండ పారిశ్రామిక వాడలో ఒక లేత్ డీలరు గారికి కేటలాగు చేస్తున్నాను. ముఖచిత్రం ఫొటో కాదు, కంప్యూటర్‌లో తయారుచేసినది. అద్దంలా మెరిసే నేల, దాని మీద పసుపు గీతలు, మధ్యలో బూడిదరంగు లేత్. చక్‌లో జాబ్ బిగించి ఉంది, దాని మీద కూలెంట్ పడుతోంది. పక్కన హెల్మెటూ గ్లవ్స్ వేసుకున్న ఆపరేటర్ నిలబడ్డాడు. నాకు బాగానే కనిపిస్తోంది గానీ, డీలరు గారి పాత మెకానిక్ ఒక్క చూపు చూసి "ఇది లేత్ కాదు" అని వెళ్లిపోయాడు. కారణం మాత్రం చెప్పలేదు. బొమ్మ జత చేశాను. లేత్ మీద పనిచేసినవారు చూసి చెప్పగలరా? డీలరు గారి కాగితంలో ఉన్న కొలతలు: బెడ్ ఆరు అడుగులు, సెంటర్ హైట్ 215 మిల్లీమీటర్లు, త్రీ జా చక్ 200 మిల్లీమీటర్లు.

హన్మకొండ_కుర్రాడు
బొమ్మ అదిరింది అన్నా. భద్రత కూడా బాగా చూపించారు, హెల్మెట్, గ్లవ్స్ రెండూ ఉన్నాయి. కళ్లద్దాలు కూడా పెట్టేస్తే లోటేమీ ఉండదు.

కాజీపేట_టర్నర్
తమ్ముడూ, కళ్లద్దాల మాట నిజమే. గ్లవ్స్ మాత్రం తీసేయించండి. తిరిగే జాబ్ దగ్గర గ్లవ్ అంచు చిక్కుకుంటే చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు, గుడ్డతో పాటు వేళ్లనూ లాక్కుపోతుంది. వదులు చేతుల చొక్కా, ఉంగరం, మెడలో కండువా కూడా అంతే. ఆగి ఉన్న యంత్రంలో చిప్స్ తీయడానికి గ్లవ్స్ వాడతాం, అది వేరే సంగతి. అప్పుడు కూడా కొక్కెం వాడటమే మేలు.

ఇక మెకానిక్ ఏం చూశాడో నేను ఊహించగలను. మీ బొమ్మలో చక్ పైన ఇంగ్లీషు T ఆకారంలో నిలబడి ఉన్నది చక్ కీ. జాబ్ మీద కూలెంట్ పడుతోందంటే చక్ తిరుగుతున్నట్టే కదా! తిరిగే చక్‌లో కీ ఉంటే అది ఊడి తుపాకీ గుండులా వస్తుంది. మాకు పని నేర్పినవాళ్లు మొట్టమొదట చెప్పింది ఇదే: కీ బిగించిన చెయ్యే కీని తీయాలి. బొమ్మలో దాని చోటు హెడ్‌స్టాక్ పక్కన కొక్కేనికి, లేదా పనిముట్ల పళ్లెంలో.

అసలు మీ బొమ్మకు జబ్బు ఒక్కటే. యంత్రం ఆగి ఉందా, నడుస్తోందా అన్నది అది తేల్చుకోలేదు. కూలెంట్ చూస్తే నడుస్తోంది, కీ చూస్తే ఆగి ఉంది. చక్ గార్డ్ పైకి ఎత్తి ఉంది, కింద ట్రేలో ఒక్క చిప్ లేదు, కానీ టూల్ జాబ్‌ను తాకుతోంది. ఆగి ఉన్నదనుకుంటే కూలెంట్ ఆపేయండి, టూల్‌ను వెనక్కి జరపండి, గార్డ్ ఎత్తే ఉంచండి, మనిషిని పక్కకు తప్పించండి. నడుస్తున్నదనుకుంటే గార్డ్ దించండి, ట్రేలో నాలుగు చిప్స్ పడనివ్వండి.

పరకాల_వర్క్‌షాప్
అన్నా, ఈ మోడల్ రేటెంత? మా దగ్గరున్నది పాతది. జాబ్ తిప్పి బిగించిన ప్రతిసారీ వంకర వస్తోంది. చక్ మార్చాలా, బేరింగులా?

కాజీపేట_టర్నర్
పరకాల తమ్ముడూ, ఇక్కడ బొమ్మ గురించి మాట్లాడుకుంటున్నాం, యంత్రం అమ్మడం లేదు. అయినా అడిగారు కాబట్టి ముందు ఒక పని చేయండి. డయల్ గేజీని చక్ మీద కాకుండా నేరుగా స్పిండిల్ ముక్కు మీద పెట్టి చేత్తో తిప్పి చూడండి. ముల్లు కదలకపోతే బేరింగులను వదిలేసి చక్‌ను చూడండి. మూడు జాల చక్‌లో తిప్పి బిగిస్తే కొంత తేడా మామూలే. మిగతాది వేరే చర్చ పెట్టి అడగండి.

ఐటీఐ_మాస్టారు
నేను బొమ్మను పెద్దది చేసి చూశాను. నాకు కంటికి గుచ్చుకున్నది లీడ్ స్క్రూ. బెడ్ ముందు భాగంలో రెండు రాడ్లు అడ్డంగా వెళ్లాలి. రెండూ ఎడమవైపు హెడ్‌స్టాక్ కింది గేర్‌బాక్స్ నుంచి బయలుదేరి, ఏప్రన్ గుండా దూరి, కుడిచివర బ్రాకెట్‌లో ఆగుతాయి. వాటిలో మరలున్నది లీడ్ స్క్రూ. నున్నగా ఉండి పొడవునా ఒక గాడి ఉన్నది ఫీడ్ రాడ్. చాలా యంత్రాల్లో స్టార్ట్ లివర్ కోసం మూడో రాడ్ కూడా ఉంటుంది. మీ బొమ్మలో ఏప్రన్‌కు ఎడమవైపు ఒకే రాడ్ ఉంది, కుడివైపు రెండున్నాయి, ఆ రెండింటికీ తాడు పేనినట్టు మరలున్నాయి. అంటే ఏప్రన్ లోపల ఒక రాడ్ పుట్టిందన్నమాట! ఏప్రన్‌ను చేత్తో మూసి అటూ ఇటూ చూడండి. రాడ్ల సంఖ్య, లావు, ఎత్తు రెండు వైపులా సరిపోవాలి.

ఇంకొకటి కొలత. సెంటర్ హైట్ 215 అన్నారు కదా, అది బెడ్ పైభాగం నుంచి చక్ మధ్య బిందువు దాకా ఉండే ఎత్తు. చక్ వ్యాసం 200 కనుక మధ్య నుంచి అంచుకు 100. అంటే చక్ అడుగు అంచుకూ బెడ్‌కూ మధ్య 115 మిల్లీమీటర్ల ఖాళీ కనిపించాలి. చక్ వ్యాసంలో సగానికన్నా కాస్త ఎక్కువ. మీ బొమ్మలో చక్ బెడ్‌ను దాదాపు ఒరుసుకుంటోంది. ఆ ఎత్తులో అంత దగ్గరికి రావాలంటే చక్ 400 దాటి ఉండాలి. మెకానిక్‌కు లెక్క తెలియకపోయినా కన్ను పట్టేసి ఉంటుంది.

హన్మకొండ_కుర్రాడు
అయితే ఆరు అడుగుల లేత్ అంటే ఆరు అడుగుల షాఫ్ట్ పట్టాలి కదా, జాబ్‌ను అంత పొడవు చూపిస్తే కొలతలు సరిపోతాయి.

ఐటీఐ_మాస్టారు
లేదు బాబూ. ఆరు అడుగులన్నది బెడ్ పొడవు. హెడ్‌స్టాక్, టెయిల్‌స్టాక్ రెండూ ఆ బెడ్ మీదే కూర్చుంటాయి. రెండు సెంటర్ల మధ్య మిగిలేది సుమారు మీటరు. కేటలాగులో ఈ రెండు అంకెలూ విడివిడిగా వేయకపోతే కొన్నవారు తరువాత తగాదాకు వస్తారు.

భీమారం_ఫొటో
ఇన్ని తిప్పలెందుకు? అసలు యంత్రాన్నే శుభ్రంగా తుడిచి ఫొటో తీస్తే పోదా? అమ్మే వస్తువుకు గీసిన బొమ్మ వేయడం నాకు నచ్చదు.

మడికొండ_డిజైనర్
మీ మాట సబబే. గోదాములో ఉన్న యంత్రానికి చక్ గార్డ్ ఇంకా బిగించలేదు, నేలంతా గ్రీజు, అందుకే ఈ దారి పట్టాం. మాస్టారు గారూ, మీరు చెప్పినట్టు చక్ చిన్నది చేయించాను, రాడ్లు సరిచేయించాను. ఆపరేటర్‌ను తీసేశాం, కీ కొక్కేనికి చేరింది. హెడ్‌స్టాక్ మీద పసుపు పలకలో ఎర్రటి ఎమర్జెన్సీ బటన్ పెట్టాను. అది అక్కడే ఉండాలా?

కాజీపేట_టర్నర్
మీరు అమ్మే యంత్రంలో ఎక్కడుంటే బొమ్మలోనూ అక్కడే ఉండాలి. ముందు ఆ యంత్రానికి అది ఉందో లేదో చూసి రండి. కింద అడ్డంగా పాదం బ్రేకు గీశారు, అదీ అంతే. లేని గార్డునూ లేని బ్రేకునూ బొమ్మలో చూపిస్తే, రేపు కొన్నవారు "బొమ్మలో ఉన్నది ఇవ్వండి" అంటారు.

భీమారం_ఫొటో
"చిత్రంలోని కొన్ని పరికరాలకు అదనపు ధర" అని కింద ఒక వాక్యం వేస్తే సరిపోదా? అందరూ వేస్తారుగా.

ఐటీఐ_మాస్టారు
స్టెడీ రెస్ట్‌కో ఫోర్ జా చక్‌కో ఆ వాక్యం చెల్లుతుంది. గార్డ్ విషయంలో నేను ఒప్పుకోను. గార్డ్‌ను అదనం అని రాయడమంటే లేకపోయినా నడపవచ్చని చెప్పినట్టే.

పరకాల_వర్క్‌షాప్
మా దగ్గర గార్డ్ ఎప్పుడో విప్పేశాం, జాబ్ కొలవడానికి ప్రతిసారీ అడ్డొస్తుంది. బొమ్మలో ఉన్నా లేకపోయినా మేము చూసేది రేటే. టర్నర్ అన్నా, మీరు చెప్పినట్టు స్పిండిల్ ముక్కు చూశాను, ముల్లు కదలలేదు.