పొటెన్షియల్ ప్రమేయంతో రేఖా సమాకలని: నాకు 1 వచ్చింది, పుస్తకంలో 2 ఉంది

కావలి, బీఎస్సీ విద్యార్థిని:
అందరికీ నమస్కారం. F = (2xy + 3, x² + 4y³) అనే సదిశ క్షేత్రానికి, x = t·e^(t²−1), y = cos(πt) అనే వక్రం వెంట t = 0 నుంచి t = 1 వరకు రేఖా సమాకలని కనుక్కోమన్నారు. నేరుగా t లో ప్రతిక్షేపిస్తే లెక్క ముందుకు సాగలేదు. అందువల్ల మొదటి అంశాన్ని x పరంగా సమాకలనం చేసి x²y + 3x, రెండో అంశాన్ని y పరంగా చేసి x²y + y⁴ పొంది, రెండింటినీ కూడి f = 2x²y + 3x + y⁴ తీసుకున్నాను. చివరి బిందువు (1, −1) వద్ద f విలువ 2, మొదటి బిందువు (0, 1) వద్ద 1. కాబట్టి జవాబు 1 కావాలి కదా? పుస్తకంలో 2 అని ఉంది.

కందుకూరు, ట్యూషన్ మాస్టారు:
రెండు సమాకలనాల్లోనూ వచ్చిన x²y ను ఒక్కసారే రాయాలమ్మా. అప్పుడు f = x²y + 3x + y⁴ అవుతుంది. చివర 3, మొదట 1, తేడా 2. మా పిల్లలందరికీ ఈ పద్ధతే నేర్పిస్తాను, త్వరగా తేలిపోతుంది.

ఒంగోలు, విశ్రాంత గణిత అధ్యాపకురాలు:
మాస్టారు చెప్పిన జవాబు సరైనదే కానీ, ఆ పద్ధతిని అలాగే నమ్ముకోవడం ప్రమాదం. రెండో అంశంలో x² తీసేసి F = (2xy + 3, 4y³) అనుకోండి. రెండు సమాకలనాలు x²y + 3x, y⁴ అవుతాయి, ఏ పదమూ రెండుసార్లు రాదు, మళ్లీ అదే f చేతికి వస్తుంది. కానీ ఈ క్షేత్రానికి పొటెన్షియల్ ప్రమేయమే లేదు. ఎందుకంటే మొదటి అంశాన్ని y పరంగా అవకలనం చేస్తే 2x, రెండోదాన్ని x పరంగా చేస్తే 0 వస్తాయి. లేని జవాబును కూడా ఉన్నట్టు చూపించే పద్ధతి అది.

అమ్మా, నువ్వు ఇలా చేయి. ముందుగా ఆ రెండు పాక్షిక అవకలనాలను పోల్చు. నీ లెక్కలో రెండూ 2x, కనుక ముందుకు వెళ్లవచ్చు. మొదటి అంశాన్ని x పరంగా సమాకలనం చేసినప్పుడు y ని స్థిరంగా ఉంచావు కాబట్టి, అక్కడ చేర్చవలసినది ఒట్టి స్థిరాంకం కాదు, y మీద ఆధారపడే g(y). అంటే f = x²y + 3x + g(y). దీన్ని y పరంగా అవకలనం చేస్తే x² + g′(y) వస్తుంది, అది x² + 4y³ కు సమానం కావాలి, కాబట్టి g = y⁴. ఇక్కడ g′ లో x మిగిలిపోయిందంటే ఎక్కడో పొరపాటు జరిగిందని, లేదా పొటెన్షియల్ లేదని అర్థం. చివరగా వచ్చిన f ను రెండు చరాల పరంగానూ తిరిగి అవకలనం చేసి చూడు. నీ మొదటి f ను x పరంగా చేస్తే 4xy + 3 వస్తుంది, అది 2xy + 3 కాదని అప్పుడే తెలిసిపోతుంది.

ఆత్మకూరు, ఇంజనీరింగ్ విద్యార్థి:
మేడమ్, ఇక్కడ గ్రీన్ సిద్ధాంతం వాడితే సరిపోదా? నాది మరో చిక్కు. (−y/(x²+y²), x/(x²+y²)) క్షేత్రానికి పాక్షిక అవకలనాలు సమానంగానే వచ్చాయి, కాబట్టి ఏకాంక వృత్తం చుట్టూ 0 రావాలి. నేరుగా చేస్తే 2π వస్తోంది.

ఒంగోలు, విశ్రాంత గణిత అధ్యాపకురాలు:
ఆ అమ్మాయి వక్రం (0, 1) నుంచి (1, −1) కు వెళ్లి ఆగిపోతుంది బాబూ. సంవృత వక్రం కాదు కనుక గ్రీన్ సిద్ధాంతం నేరుగా వర్తించదు. నీ లెక్కలో వక్రం సంవృతమే అయినా, మూలబిందువు వద్ద క్షేత్రానికి నిర్వచనం లేదు, వృత్తం దాని చుట్టూ తిరుగుతోంది. నీకు వచ్చిన 2π నిజమైన జవాబే.

x > 0 ఉన్న సగం తలంలోనే ఉంటే arctan(y/x) చక్కగా పొటెన్షియల్‌గా పనిచేస్తుంది: (1, −1) నుంచి (1, 1) కు ఆ సగంలోనే వెళ్తే π/2. అవే బిందువుల మధ్య మూలబిందువుకు ఎడమవైపు నుంచి ఒకసారి చుట్టి వెళ్తే −3π/2. దారిని బట్టి విలువ మారింది కనుక, మూలబిందువును మాత్రమే తీసేసిన తలం మొత్తానికి పనికొచ్చే పొటెన్షియల్ ఉండదు. అలాగని లోపల రంధ్రం ఉన్న ప్రతిచోటా పొటెన్షియల్ లేదనుకోకు. (x/(x²+y²), y/(x²+y²)) కు కూడా మూలబిందువు వద్ద నిర్వచనం లేదు, అయినా ½ ln(x²+y²) ఆ ప్రదేశమంతటా సరిపోతుంది. పాక్షిక అవకలనాలు సమానమయ్యాక, రంధ్రం చుట్టూ ఒక్క వృత్తం మీద సమాకలని చూడు: 0 వస్తే పొటెన్షియల్ ఉంది, రాకపోతే లేదు.

కందుకూరు, ట్యూషన్ మాస్టారు:
4y³ ఉదాహరణ చూశాక, తిరిగి అవకలనం చేసి సరిచూసుకోవడం తప్పనిసరి అని ఒప్పుకుంటున్నాను మేడమ్. అయితే అలా సరిపోయిన తరువాత పాక్షిక అవకలనాల పోలిక రాయడం అనవసరం కదా? f దొరికిందంటే క్షేత్రం కన్సర్వేటివ్ అనే కదా అర్థం.

ఒంగోలు, విశ్రాంత గణిత అధ్యాపకురాలు:
తర్కం ప్రకారం మీ మాట నిజం. కానీ ప్రశ్నలో ‘కన్సర్వేటివ్ అని చూపి’ అని విడిగా అడిగితే, ఆ వరుస లేని జవాబుకు మార్కు తగ్గించేవారిని చూశాను. నేనైతే రాయిస్తాను.

కందుకూరు, ట్యూషన్ మాస్టారు:
పొటెన్షియల్‌ను చూపడమే అన్నిటికన్నా బలమైన రుజువు. దానికి మార్కు తగ్గించడం న్యాయం కాదని నా అభిప్రాయం.

కావలి, బీఎస్సీ విద్యార్థిని:
g(y) తో మళ్లీ చేశాను మేడమ్, 2 వచ్చింది. పరీక్షలో రెండూ రాస్తాను.