నేల వాలుగా ఉన్నచోట నీడతో స్తంభం ఎత్తు కట్టవచ్చా?

పంతులమ్మ: మా బడిలో జెండా స్తంభం నీడ పడే వైపు నేల పల్లానికి దిగుతుంది. పదో తరగతి పిల్లలు కొలిస్తే ఆ నీడ 11.21 మీటర్లు వచ్చింది. ఒక జట్టు మీటరు కర్రను వరండా గచ్చు మీద నిలబెట్టగా దాని నీడ 1.25 మీటర్లు పడింది, ఎత్తు 8.97 అని తేల్చారు. రెండో జట్టు అదే సమయంలో అంతే కర్రను స్తంభం పక్కన వాలు నేల మీదే నిలబెట్టగా 1.335 వచ్చింది, ఎత్తు 8.40 అన్నారు. గచ్చు చదునుగా ఉంది కనుక మొదటిదే సరైనదని నేను అనుకుంటున్నాను. మా సహోద్యోగి మాత్రం వాలు మీద ఈ లెక్కే చెల్లదంటున్నారు. ఏది సరి?

లెక్కల పిచ్చి: మీ సహోద్యోగి మాటే నిజం. స్తంభానికీ నేలకూ మధ్య లంబకోణం ఉన్నప్పుడే ఈ పద్ధతి పనిచేస్తుంది. మీ నేల మీద అది లేదు కాబట్టి రెండు సంఖ్యలనూ పక్కనపెట్టి, చదునైన చోట ఉన్న మరో స్తంభాన్ని ఎంచుకోండి.

పాత సర్వేయరు: లంబకోణం ఉంటే సౌకర్యమే గానీ, అది తప్పనిసరి కాదు. స్తంభం, కర్ర రెండూ నిట్టనిలువుగా ఉండి, రెండింటి నీడలూ ఒకే వాలు మీద ఒకే దిక్కుకు పడితే, ఎండ కిరణాలు ఎలాగూ సమాంతరమే కనుక రెండు త్రిభుజాల కోణాలూ సరిపోతాయి, అవి సరూపాలే అవుతాయి. అమ్మా, ఆ లెక్కన మీ రెండో జట్టుదే సరైన జవాబు.

మొదటి జట్టు పొరపాటు ఎక్కడ జరిగిందో వారి అంకెలే చెబుతున్నాయి. గచ్చు మీద మీటరు కర్రకు 1.25 మీటర్ల నీడ పడిందంటే, కిరణం అడ్డంగా ఒక మీటరు సాగేలోపు 80 సెం.మీ. కిందికి దిగుతోంది. మీ నేల మీటరుకు 5 సెం.మీ. పల్లానికి పోతోందనుకుంటే, కిరణం నేలను అందుకునేది మీటరుకు 75 సెం.మీ. చొప్పునే. అప్పుడు కర్ర నీడ అడ్డంగా 1.333 మీటర్లు అవుతుంది, టేపును వాలు వెంబడి పరిస్తే 1.335. రెండో జట్టుకు వచ్చింది సరిగ్గా అదే. మేస్త్రుల నీటి గొట్టంతో చూడండి, 10 మీటర్లకు అర మీటరు పల్లం తేలాలి. పల్లంలో సాగిన స్తంభం నీడను చదునులో పడిన కర్ర నీడతో భాగించారు కాబట్టే 57 సెం.మీ. ఎక్కువ వచ్చింది.

ఒక్క సంగతి అడగాలి. పిల్లలు కర్రను నిలువుగా ఉందని ఎలా చూసుకున్నారు? మూలమట్టాన్ని నేలకు ఆనించి నిలబెడితే కర్ర పల్లం వైపు ఒరుగుతుంది, నీడ 1.387కు పెరుగుతుంది, ఎత్తు 8.08కి పడిపోతుంది.

పంతులమ్మ: దారానికి రాయి కట్టి, కర్ర పక్కన వేలాడదీసి చూశారండి.

తోట కాపరి: మా రేకుల షెడ్డు వైపు ఒరిగిన కొబ్బరిచెట్టును కొట్టించాలి. నీడ కొలిచి, షెడ్డు మీద పడుతుందో లేదో ఈ లెక్కతోనే తెలుసుకోవచ్చు కదా?

పాత సర్వేయరు: ఒరిగిన చెట్టుకు మొదలు నుంచి కొలవకూడదు బాబూ. మొవ్వుకు సరిగ్గా కింద ఉన్న చోటు నుంచి కొలవాలి. అలా కొలిచినా వచ్చేది మొవ్వు ఎత్తే, చెట్టు పొడవు దానికన్నా ఎక్కువ.

లెక్కల పిచ్చి: కోణాల విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే 8.40లో చివరి అంకెలను మాత్రం నేను నమ్మను. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందువల్ల మీ స్తంభం నీడ కొస దాదాపు జానెడు మేర మసకగా ఉంటుంది. అందులో ఎక్కడ గీత గీశారు?

పాత సర్వేయరు: కర్ర నీడ కొసకూ మసక ఉంటుంది, రెండున్నర సెం.మీ. పైచిలుకు. అదీ అదే నిష్పత్తిలో పెరుగుతుంది కనుక రెండుచోట్లా మసక నడుమ గీత గీస్తే ఫలితం చెడదు. నాకు అంతకంటే భయం ఆలస్యం గురించి. ఆ ఎండలో ఆ స్తంభం నీడ నిమిషానికి దాదాపు 10 సెం.మీ. కదులుతుంది, కాబట్టి ఒకరు చెయ్యి ఎత్తగానే రెండు కొసల దగ్గరా ఒకేసారి గుర్తు పెట్టాలి.

లెక్కల పిచ్చి: మసక నడుమ కంటికి కనబడితే కదా! 5 సెం.మీ. మందం ఉన్న పైపు కొస ముదురు నీడ ఐదున్నర మీటర్లలోనే అంతమవుతుంది. మీ కిరణం 14 మీటర్లు దాటి వస్తోంది, అక్కడ మిగిలేది బూడిదరంగు చార. కర్ర నీడ మాత్రం కొసదాకా నల్లగానే ఉంటుంది. పిల్లలు స్తంభం నీడను తప్పకుండా పొట్టిగా చదువుతారు.

పాత సర్వేయరు: అది ఒప్పుకోవలసిందే. జెండా తాడుతో ఒక చేటను పైకి లాగితే అంత దూరానికీ నీడ గట్టిగా పడుతుంది. చేట నడిమి ఎత్తు కట్టి, అక్కడి నుంచి కొసదాకా ఉన్న కొంచెం కలుపుకోవచ్చు.

లెక్కల పిచ్చి: ఆ కొంచెం ఎంతో కింద నిలబడి ఎలా కొలుస్తారు? కప్పీకి పైన పైపు ఎంత మిగిలిందో అంచనాగానే కలపాలి కదా.

పంతులమ్మ: సోమవారం ఎండ కాస్తే చేట కట్టి మళ్లీ కొలిపిస్తాను. నీటి గొట్టం కూడా తెప్పిస్తున్నాను. అంకెలు ఇక్కడే పెడతాను.