బటర్‌వర్త్ లోపాస్ ఫిల్టర్‌కి ఆర్డర్ 7 సరిపోతాదా 8 కావాల్నా? 2 కిలోహెర్ట్జ్ దగ్గర 40 డీబీ

అనంత_ఈసీఈ: అన్నా, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు. వేరుశెనగ నూనె మిల్లులో మోటర్ బేరింగ్ వైబ్రేషన్ చూస్తాండాం. 1 కిలోహెర్ట్జ్ వరకు సిగ్నల్ కావాల, అక్కడిదాకా లాస్ 1 డీబీ మించకూడదు. లాగర్ సెకనుకు 3000 శాంపిల్స్ తీసుకుంటాది, అంటే 2 కిలోహెర్ట్జ్ పైన ఉండేది మడిచి మన బ్యాండ్‌లోకే వస్తాది కాబట్టి అక్కడ 40 డీబీ తగ్గించాల. 7వ ఆర్డర్, కటాఫ్ 1 కిలోహెర్ట్జ్ పెట్టి చేసినాం. జనరేటర్‌తో 1 వోల్ట్ ఇస్తే 2 కిలోహెర్ట్జ్ దగ్గర 8 మిల్లీవోల్ట్లే, బాగుంది. కానీ 1 కిలోహెర్ట్జ్ దగ్గర 0.7 వోల్టే వస్తాంది. రెసిస్టర్లు రెండుసార్లు మార్చినా అంతే. తప్పెక్కడో అర్థం కాలే.

స్పీకర్_బాక్స్_కడప: తమ్ముడూ 7 ఎందుకు, నేను వూఫర్‌కి 2వ ఆర్డర్ పెట్టినా, వాయిస్ అంతా పోయి బేస్ ఒక్కటే వస్తాంది, సూపర్.

అనంత_ఈసీఈ: అన్నా వూఫర్‌లో చెవికి వినపడకపోతే చాలు, మాది 100వ వంతుకి తగ్గాల.

ట్యూషన్_మాస్టర్: లెక్క కరెక్టే చేసినావు. ఒక్కో ఆర్డర్‌కి ఆక్టేవ్‌కి 6 డీబీ, నీకు ఉండేది ఒకటే ఆక్టేవ్, 40ని 6తో భాగిస్తే 6.67, అంటే 7. నీ 8 మిల్లీవోల్ట్లు 42 డీబీ, అది కూడా లెక్కకి సరిపోయింది. ఏదో వైరింగ్ తప్పుంటాది చూడు.

పాతల్యాబ్_కర్నూలు: వైరింగ్ తప్పు కాదప్పా, 0.7 రావడమే కరెక్టు. బటర్‌వర్త్‌లో ఏ ఆర్డర్ అయినా కటాఫ్ దగ్గర 3 డీబీ పోతాది, అదే 0.7. మాస్టరు చెప్పిన లెక్క కటాఫ్ నుంచి కొలిచే లెక్క, దాన్ని తప్పనలేం, కానీ నీ స్పెక్ 1 కిలోహెర్ట్జ్ దగ్గర 1 డీబీ, అంటే కనీసం 0.89 వోల్ట్ రావాల. కాబట్టి నీ కటాఫ్ 1 కిలోహెర్ట్జ్ కాదు, దానికంటే పైన ఎక్కడో ఉండాల. రెండు స్పెక్‌లూ కలిపి వేస్తేనే ఆర్డర్ వచ్చేది:

```python
from math import log10
a = 10**0.1 - 1   # 1 dB
b = 10**4 - 1     # 40 dB
print(log10(b/a) / (2*log10(2)))
for n in (7, 8, 9):
    print(n, 1000/a**(1/(2*n)), 2000/b**(1/(2*n)))
```

మొదటి లైన్ 7.62 ఇస్తాది, అంటే 8.

ట్యూషన్_మాస్టర్: అట్లయితే ఆర్డర్ పెంచకుండా కటాఫ్ మాత్రం 1100కి జరిపితే పోలా? 7తోనే అయిపోతాది కదా.

పాతల్యాబ్_కర్నూలు: జరిపి చూడు సార్. ఆ ప్రోగ్రామ్‌లో ఒక్కో ఆర్డర్‌కి రెండేసి నంబర్లు వస్తాయి చూడండి, మొదటిది కటాఫ్ ఇంతకంటే తగ్గకూడదు అనేది, రెండోది ఇంతకంటే పెరగకూడదు అనేది. 7కి తగ్గకూడనిది 1101, పెరగకూడనిది 1036, మధ్యలో చోటే లేదు. 1100 పెడితే 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఇంచుమించు సరిపోతాది గానీ 2 కిలోహెర్ట్జ్ దగ్గర 36 డీబీతో ఆగిపోతాది. 8కి 1088 నుంచి 1125, ఇప్పుడు చోటు దొరికింది.

ట్యూషన్_మాస్టర్: అవును, ఇప్పుడు వేసి చూసినా. పాస్‌బ్యాండ్‌లో 3 డీబీ అనే అలవాటులో ఆలోచించినా.

అనంత_ఈసీఈ: అన్నా ఇంకో డౌట్, నేను సైపైలో buttord వేస్తే కటాఫ్ 1088 అనింది, మా ఫ్రెండు మ్యాట్‌ల్యాబ్‌లో అదే వేస్తే 1125 దగ్గర వచ్చింది, ఇద్దరం పొద్దున్నుంచి కొట్లాడతాండాం.

పాతల్యాబ్_కర్నూలు: ఇద్దరిదీ కరెక్టే. ఒకటి 1 డీబీని అంచున పెట్టి లెక్కేస్తాది, ఇంకోటి 40 డీబీని అంచున పెడతాది. నువ్వు ఆ రెండూ తీసుకోవద్దు, మధ్యలో 1106 దగ్గర పెట్టు. కానీ అసలు కష్టం ఇప్పుడుంది. అటూ ఇటూ ఒకటిన్నర శాతం చిల్లరే చోటు, నీ కెపాసిటర్లు 5 శాతం టాలరెన్స్‌వి అయితే కటాఫ్ దానికదే బయటికి పోతాది. పైగా 8వ ఆర్డర్‌లో చివరి స్టేజీ క్యూ 2.56 ఉంటాది, దాంట్లో కెపాసిటర్ కొంచెం మారినా 1 కిలోహెర్ట్జ్ దగ్గర బుడిపె లేస్తాది లేకపోతే గుంట పడుతుంది. ఒక్కో స్టేజీ విడిగా కొలిస్తే ఏది జరిగిందో తెలుస్తాది. 9 తీసుకుంటే 1078 నుంచి 1199 దాకా చోటుంది, ఒక ఆర్‌సీ, ఒక బఫర్ ఎక్కువ, అంతే.

రేణిగుంట_రోడ్: నేనైతే ఆర్డర్ పెంచను, శాంపిలింగ్ పెంచుతా. సెకనుకు 9000 తీసుకుంటే మడతపడి 1 కిలోహెర్ట్జ్ లోపలికి వచ్చేది 8 కిలోహెర్ట్జ్ నుంచే, అప్పుడు అదే లెక్క 2.54 ఇస్తాది, 3వ ఆర్డర్ సరిపోతాది. మిగతాది సాఫ్ట్‌వేర్‌లో కోసెయ్.

అనంత_ఈసీఈ: లాగర్ 3000 మీదే ఫిక్స్ అన్నా, కాలేజీది, మార్చనీరు. వేరే బోర్డు కొనాలంటే గైడ్ సార్‌ని అడగాల.

పాతల్యాబ్_కర్నూలు: బోర్డు మారితే 3 చాలు, అది నేనూ ఒప్పుకుంటా. మారకపోతే 9 వెయ్యి. 1 శాతం కెపాసిటర్లు దొరికితే 8 కూడా అయితాది గానీ మన దగ్గర షాపుల్లో అవి దొరకడమే కష్టం.

అనంత_ఈసీఈ: మీటర్‌తో కొలిచి ఏరుకుంటే?

పాతల్యాబ్_కర్నూలు: ఏరొచ్చు, ఫిల్మ్ కెపాసిటర్లయితే. సిరామిక్‌వి వేడికి మారతాయి, మిల్లులో ఎండాకాలం ఎంతుంటాదో కొలిచినావా?